పెళ్లయ్యాక వచ్చిన 63వ హెక్సాగ్రామ్: ఏరు దాటాక పడవ సంగతి

ప్రశ్న: "మాది ప్రేమ పెళ్లి. రెండు వైపులా ఒప్పించడానికి ఆరేళ్లు పట్టింది. పెళ్లయి నాలుగు నెలలు. సరదాగా మూడు నాణేలతో ఐ చింగ్ వేసి, 'మా కాపురం ఎలా ఉంటుంది' అని ఇద్దరం కలిసి అడిగాం. కింది నుంచి 7, 6, 7, 8, 7, 8 వచ్చాయి. ఇది 63వది, పేరు 'పూర్తయిన తర్వాత' అట. 'మొదట శుభం, చివర అల్లకల్లోలం' అని ఉంది. అప్పటి నుంచి మా ఆవిడకి ఒకటే టెన్షన్, రాత్రిళ్లు నిద్ర కూడా పట్టడం లేదు. మళ్లీ వేస్తే వేరేది వచ్చింది. అసలే ఈ మధ్య చిన్న చిన్నవాటికే ముభావంగా ఉంటోంది, అడిగితే ఏం లేదంటుంది. ఈ పెళ్లి నిలబడదని అర్థమా? పరిహారం ఏమైనా ఉందా?"

సమాధానం:

కాదు, అలాంటి అర్థం లేదు. ముందు ఈ ఒక్క వాక్యం మీ ఆవిడకి చదివి వినిపించండి. మిగతాది తర్వాత ఇద్దరూ కూర్చుని నింపాదిగా చదువుకోవచ్చు.

ఇరవై ఏళ్లకు పైగా ఐ చింగ్ అనే ఈ పాత చైనా పుస్తకంతో కూర్చుంటున్నాను. నాణేలు ఆరుసార్లు వేసి, వచ్చిన అంకెలను బట్టి కింది నుంచి పైకి ఆరు గీతలు గీస్తే వచ్చే బొమ్మే హెక్సాగ్రామ్. కొత్తగా పెళ్లయినవాళ్లకు 63 వచ్చి భయపడటం ఇంతకుముందూ చూశాను. ఆ భయానికి సగం కారణం పేరును అనువదించిన తీరే. చైనీస్‌లో దీని పేరు జీ జీ. మనకు ఒకేలా వినిపించినా అవి రెండు వేరు వేరు అక్షరాలు. మొదటిదానికి 'అప్పటికే అయిపోయింది' అని అర్థం. దాని పాత రూపంలో అన్నం గిన్నె ముందు కూర్చున్న మనిషి తినడం ముగించి మొహం పక్కకు తిప్పుకుని కనిపిస్తాడు. రెండో అక్షరానికి 'ఏరు దాటడం' అని అర్థం. రెండూ కలిపితే 'ఏరు దాటేయడం అయింది' అవుతుంది. 'పూర్తయిన తర్వాత' అని రాసేసరికి అందులోంచి ఏరు మాయమైపోయింది. ఏరు లేకపోతే మొదటి గీతకూ చివరి గీతకూ రాసిన మాటలు అర్థం కావు. ఎందుకంటే మొదటి గీతలో ఏరు దాటే జంతువు తోక తడుస్తుంది, బండి చక్రాలను వెనక్కి లాగి పట్టుకుంటారు. ఆరో గీతలో తల మునుగుతుంది. ఈ కథ మొదలయ్యేదీ, ముగిసేదీ నీళ్ల దగ్గరే.

మనకో సామెత ఉంది కదా: ఏరు దాటేదాకా ఓడ మల్లయ్య, ఏరు దాటాక బోడి మల్లయ్య. 63వ హెక్సాగ్రామ్ చేసే హెచ్చరికకు ఇంతకంటే దగ్గరగా వచ్చే మాట నాకు ఇంకే భాషలోనూ దొరకలేదు. అయితే మన సామెత పడవవాణ్ణి మరిచిపోయినవాడిని ఎత్తి చూపి ఊరుకుంటుంది. ఈ హెక్సాగ్రామ్ ఇంకో అడుగు ముందుకేసి, అలా మరిచిపోయాక ఒడ్డున ఏం జరుగుతుందో కూడా చెబుతుంది.

ఇప్పుడు బొమ్మ చూడండి. కింద మూడు గీతలు కలిస్తే నిప్పు, పైన మూడు కలిస్తే నీళ్లు. అంటే పొయ్యి మీద గిన్నె. నీళ్లకు కిందికి పోయే గుణం, నిప్పుకు పైకి లేచే గుణం. అందుకే ఈ అమరికలో రెండూ ఒకదానికొకటి ఎదురొస్తాయి, కలుస్తాయి, వంట అవుతుంది. పెళ్లికి ఇది చాలా మంచి బొమ్మ. కానీ గిన్నె పొంగితే నీళ్లు పొయ్యిని ఆర్పేస్తాయి. మంట ఎక్కువైతే నీళ్లు ఆవిరైపోయి గిన్నె మాడుతుంది. మన ఇళ్లలో గృహప్రవేశం నాడు పాలు పొంగాలనే పొయ్యి మీద పెడతాం, పొంగగానే సంతోషిస్తాం. మర్నాటి నుంచి అదే పొయ్యి, అవే పాలు, అయినా గరిటె పట్టుకుని పక్కనే నిలబడతాం. పొంగటం శుభమైన రోజు ఒక్కటే, తర్వాత రోజులన్నీ చూసుకోవలసినవే. మీ పెళ్లి రోజుకూ ఇప్పటి నాలుగు నెలలకూ ఉన్న తేడా అదే. ఈ హెక్సాగ్రామ్ బొమ్మకు రాసిన పాత వ్యాఖ్యానం కూడా ఇంచుమించు ఇదే చెబుతుంది: నీళ్లు నిప్పు పైన ఉన్నాయి, వివేకి రాబోయే చిక్కును తలచుకుని ముందే జాగ్రత్తపడతాడు. చిక్కు వచ్చి తీరుతుందని అందులో ఎక్కడా లేదు.

ఇంకో విషయం తెలిస్తే మీ ఆవిడకి కొంచెం ఊరట కలుగుతుంది. ఐ చింగ్‌లో తెగని గీత యాంగ్, నడుమ తెగిన గీత యిన్. 7, 9 పడితే యాంగ్, 6, 8 పడితే యిన్. కింది నుంచి 1, 3, 5 స్థానాలు యాంగ్‌వి, 2, 4, 6 స్థానాలు యిన్‌వి. మొత్తం 64 హెక్సాగ్రామ్‌లలో ఆరు గీతలూ తమ తమ స్థానాల్లో సరిగ్గా కూర్చున్నది ఇదొక్కటే. పైగా ఒకటికి నాలుగు, రెండుకి ఐదు, మూడుకి ఆరు జోడీలుగా కుదిరిపోయాయి. పెళ్లి గురించి అడిగినవాళ్లకు ఇంతకంటే పొందికైన బొమ్మ రాదు.

మరి హెచ్చరిక ఎందుకంటే, అన్నీ కుదిరిపోవడం వల్లనే. అన్నీ సరైన చోట ఉన్నప్పుడు ఏ ఒక్కటి కదిలినా అది తప్పు చోటికే కదులుతుంది. మీ ఆరేళ్ల పోరాటంలో ప్రతి కదలికా మిమ్మల్ని కొంచెం ముందుకు తెచ్చింది. వాళ్ల నాన్నగారు ఒక్క రోజు కసురుకోకుండా మాట్లాడినా అది గెలుపే. ఇప్పుడు గెలవడానికి ఏమీ మిగల్లేదు, చెదరడానికి మాత్రం చాలా ఉంది. ఈ బొమ్మ లోపల రెండు, మూడు, నాలుగు గీతలను ఒక జట్టుగా, మూడు, నాలుగు, ఐదు గీతలను ఇంకో జట్టుగా తీసుకుని ఒకదాని మీద ఒకటి పేర్చి చూడండి. కింద నీళ్లు, పైన నిప్పు వస్తాయి. అది 64వది, వేయ్ జీ, 'ఇంకా దాటలేదు'. దాటేశాం అనుకున్న బొమ్మ కడుపులోనే దాటని బొమ్మ ఉంది. పుస్తకం కూడా 63తో ముగియదు, 64తో ముగుస్తుంది.

ఇక మిమ్మల్ని భయపెట్టిన వాక్యం. పూర్తి మాట ఇది: చిన్నవాటిలో సాఫల్యం, నిలకడ మేలు, మొదట శుభం, చివర అల్లకల్లోలం. నెట్‌లో చాలాచోట్ల చివరి రెండు ముక్కలే కనిపిస్తాయి. తుఆన్ అనే పాత వ్యాఖ్యానం ఆ రెండింటినీ విడివిడిగా విప్పింది. మొదట శుభం ఎందుకంటే 'మెత్తనిది నడుమ స్థానం పొందింది కాబట్టి' అంటుంది. చివర అల్లకల్లోలం ఎందుకంటే 'చివరికి వచ్చాక ఆగిపోతే అల్లకల్లోలం, అక్కడ దారి మూసుకుపోతుంది' అంటుంది. 'ఆగిపోతే' అన్న షరతును గమనించండి. జాతకంలో రాసిపెట్టినట్టు చివర చెడు అని కాదు. చేరాల్సిన చోటికి చేరిపోయాం అనుకుని చేస్తున్న పని మానేస్తే, ఆ మానేయడం లోంచే అల్లకల్లోలం పుడుతుంది.

'మెత్తనిది నడుమ స్థానం పొందింది' అంటే ఏ గీత? రెండో గీత. కింది మూడు గీతల నడుమ ఉన్న యిన్. మీరు వేసినప్పుడు 6 పడింది సరిగ్గా అక్కడే. నాణెం బొమ్మ వైపుకు 3, బొరుసుకు 2 లెక్కన చూస్తే, మూడు నాణేలూ బొరుసే పడ్డాయి. ఎనిమిదిసార్లు వేస్తే సగటున ఒకసారి వచ్చే అంకె అది. 7, 8 వచ్చిన గీతలు నిలకడగా ఉండేవి, 6 లేదా 9 వచ్చినది మారుతున్న గీత. ఒకే గీత మారుతుంటే ఆ గీత మాటే మీకు జవాబు. చాలామంది హెక్సాగ్రామ్ పేరు చూసి పుస్తకం మూసేస్తారు. మీరూ అంతే చేసినట్టున్నారు.

ఆ రెండో గీత మాట ఇది: భార్య బండి తెర పోగొట్టుకుంది. వెంటపడి వెతకొద్దు. ఏడు రోజుల్లో దొరుకుతుంది.

ఆ కాలంలో పెద్దింటి ఆడవాళ్లు తెర కట్టిన బండిలో ప్రయాణించేవారు. తెర లేకపోతే బండి కదలదు. బండి బాగానే ఉంది, దారీ ఉంది, కానీ ఆమె బయల్దేరలేదు. కొందరు వ్యాఖ్యాతలు ఆ మాటకు తలలో పెట్టుకునే ఆభరణం అని అర్థం చెప్పారు. రెండింటిలోనూ భావం ఒకటే. నలుగురిలో మర్యాదగా కనిపించడానికి కావలసిన ఒక చిన్న వస్తువు పోయింది. పైకి చూస్తే ఏమీ పాడవలేదు. అడిగితే ఏం లేదంటుంది.

తెర ఎందుకు పోయింది? దీనికి 11వ శతాబ్దంలో సాంగ్ వంశ కాలపు చైనా పండితుడు చెంగ్ యీ చెప్పిన కారణం నాకు ఎప్పటికీ గుర్తుండిపోయింది. రెండో గీతకు జోడీ ఐదో గీత. కింద భార్య, పైన భర్త అనుకోండి. మామూలుగా అయితే పైనున్న ఐదో గీత కిందనున్న రెండో గీతను వెతుక్కుంటూ రావాలి. కానీ ఇది దాటేసిన కాలం. ఐదో గీతకు కావలసింది దొరికిపోయింది. ఇక ముందుకు వెళ్లాలని గానీ, కింద ఉన్నవారిని వెతకాలని గానీ దానికి అనిపించదు. అందుకే రెండో గీత ప్రయాణం ఆగిపోయింది. చెంగ్ యీ నిజానికి రాజు, అతని కింద ఉన్న సమర్థుల గురించి రాశాడు. కానీ గీతలో ఉన్నది భార్య, పోయింది ఆమె బండి తెర. ఇంట్లో పెట్టుకుని చదివితే ఇంకా బాగా అర్థమవుతుంది.

ఇది నాకు పుస్తకంలో చదివినప్పుడు తెలియలేదు, ఇంట్లో తెలిసింది. పెళ్లికి ముందు రెండేళ్లు నేను ఒక ఊళ్లో, మా ఆవిడ ఇంకో ఊళ్లో. వారానికో ఇన్‌లాండ్ లెటర్ రాసేవాణ్ణి. మూడు మడతలూ నిండిపోయి, జిగురు అంటించే అంచు మీద కూడా సన్నగా రాసేవాణ్ణి. పెళ్లయింది, ఒకే ఇంట్లో ఉన్నాం, ఇక ఉత్తరాలెందుకు? ఏడాది తర్వాత ట్రంకు పెట్టె సర్దుతుంటే రాయని ఇన్‌లాండ్ లెటర్లు పదకొండు బయటపడ్డాయి. నేను కొని పెట్టుకున్నవే. ఆవిడ వాటిని చేతిలో పట్టుకుని, "ఇవి ఎవరికి రాద్దామని ఉంచారు?" అంది. కోపంగా అనలేదు. నాకు మాత్రం ఆ సంవత్సరంలో ఆవిడ ఎందుకు అంత తక్కువ మాట్లాడిందో అప్పుడు తెలిసింది. ఉత్తరాల్లో నేను ఆవిడని అడిగేవి, ఏం తిన్నావు, ఏం చదివావు, మీ చెల్లి పరీక్ష ఎలా రాసింది లాంటివి, ఇంట్లో ఒక్కరోజూ అడగలేదు. ఎదురుగా ఉన్న మనిషి గురించి అన్నీ తెలుసనుకున్నాను.

మీరు కూడా ఒకటి గుర్తు చేసుకోండి. ఆ ఆరేళ్లలో మీరిద్దరూ రోజూ ఏ టైముకి మాట్లాడుకునేవాళ్లు? ఎంతసేపు? ఆ టైముకి ఇప్పుడు మీరు ఏం చేస్తున్నారు? మీ ఇంట్లో పోయిన తెర అక్కడే ఉండొచ్చని నా అంచనా. మీ గురించి నాకు తెలిసింది పై పది వాక్యాలే కాబట్టి ఇది అంచనా మాత్రమే.

ఇప్పుడు 'వెంటపడి వెతకొద్దు' అన్న మాట. దీన్ని 'పట్టించుకోకు' అని చదివితే తప్పు. ఏమైంది, ఎందుకలా ఉన్నావు, నేనేం చేశాను అని పూటకోసారి నిలదీయడం వెంటపడటం. అడిగినకొద్దీ ఆవిడ మీ టెన్షన్ కూడా మోయాలి. అప్పుడు 'ఏం లేదు' అనడం తప్ప ఆవిడకి వేరే దారి ఉండదు. ఆవిడ వైపు నుంచి చూస్తే, పోయిన మర్యాదను అలిగి, సాధించి తిరిగి తెచ్చుకోవాలనుకోవడం కూడా వెంటపడటమే. మీరిద్దరూ కలిసి అడిగారు కాబట్టి గీత ఇద్దరికీ వర్తిస్తుంది.

ఏడు రోజుల లెక్కకు చెంగ్ యీ కారణం చెప్పాడు: హెక్సాగ్రామ్‌లో ఆరు స్థానాలే ఉన్నాయి, ఏడోది వచ్చేసరికి పరిస్థితి మారుతుంది. క్యాలెండర్‌లో సరిగ్గా ఏడో రోజు అని పట్టుకోనక్కర్లేదు. ఒక చుట్టు తిరగనివ్వండి అని అర్థం.

ఆ చుట్టు తిరిగేదాకా ఏం చేయాలో కూడా మీ జవాబులోనే ఉంది. రెండో గీత యిన్ నుంచి యాంగ్‌గా మారితే కింది నిప్పు ఆకాశంగా మారుతుంది, పైన నీళ్లు అలాగే ఉంటాయి. అది 5వ హెక్సాగ్రామ్, షూ, అంటే నిరీక్షణ. ఆకాశం మీదికి మబ్బులు ఎక్కాయి, వాన ఇంకా పడలేదు. మబ్బును పట్టుకుని పిండితే వాన రాదు కదా. ఆ బొమ్మకు రాసిన వ్యాఖ్యానం ఎంత సాదాగా ఉంటుందంటే: వివేకి తింటూ తాగుతూ ఉల్లాసంగా ఉంటాడు. అంతే. ఎదురుచూడమన్న చోట ఉపవాసాలు, జపాలు చెప్పలేదు, భోజనం చెప్పింది. అందుకని ఈ వారం రాత్రి భోజనం ఇద్దరూ ఒకే టైముకి, ఒకే చోట, ఫోన్లు వేరే గదిలో పెట్టి చేయండి. సంభాషణ దేని గురించైనా పరవాలేదు, మీ కాపురం గురించి మాత్రం వద్దు.

ఐదో గీత మీకు మారలేదు, కానీ అది రెండో గీతకు జోడీ కాబట్టి దాని మాటా చెబుతాను. తూర్పు పొరుగువాడు ఎద్దును బలి ఇచ్చాడు, అయినా పడమటి పొరుగువాడి చిన్న నైవేద్యానికే నిజమైన ఫలం దక్కింది. తూర్పున ఉన్నది షాంగ్ రాజ్యం, పడమట ఉన్నది అప్పటికింకా చిన్నదైన జౌ అని పాత వ్యాఖ్యాతలు చెబుతారు. కొత్త భర్తలు తూర్పు పొరుగువాడి పొరపాటే చేస్తారు. భార్య ముభావంగా ఉందనగానే చీర కొంటారు, ట్రిప్ బుక్ చేస్తారు, వాయిదాల మీద ఫ్రిజ్ మారుస్తారు. హెక్సాగ్రామ్ మొదటి మాటే 'చిన్నవాటిలో సాఫల్యం'. పెద్ద పని చేసి ఏరు దాటారు. దాటాక పనికొచ్చేది చిన్నదే, అదీ రోజూ చేసేదే. మీరు ఆఫీసు నుంచి బయల్దేరేటప్పుడు ఆ ఆరేళ్లూ ఫోన్ చేసేవారే అయితే, ఇప్పుడూ చేయండి. ఇంటికే వస్తున్నా సరే.

రెండోసారి వేసినదాన్ని పక్కన పెట్టేయండి. ఏది నిజం అన్న ప్రశ్నకు 4వ హెక్సాగ్రామ్‌లో సూటిగా జవాబుంది: మొదటిసారి అడిగితే చెబుతాను, రెండోసారి మూడోసారి అడిగితే అది విసిగించడం, విసిగిస్తే చెప్పను. దీని వెనక మామూలు కారణం ఒకటుంది. నచ్చిన జవాబు వచ్చేదాకా వేస్తూ పోతే, మీకు కావలసిందే మీరు చదువుకుంటారు.

పరిహారం గురించి. ఈ పుస్తకంలో శాంతులు, రాళ్లు, తాయెత్తులు ఏవీ లేవు. 63 వచ్చింది కాబట్టి ఫలానా పూజ చేయించాలి, ఇంత ఖర్చవుతుంది అని ఎవరైనా అంటే ఒక్క రూపాయి కూడా ఇవ్వకండి. ఇది జాతకం కూడా కాదు. నాణేలకు మీ భవిష్యత్తు తెలుసని నేను అనను. మీ పరిస్థితిని మీరు చూడని వైపు నుంచి చూపించే మాటలు ఇందులో ఉన్నాయని మాత్రం నా అనుభవం. మీ ఆవిడ ముభావానికీ ఈ హెక్సాగ్రామ్‌కూ ఏమీ సంబంధం లేకపోవచ్చు కూడా. కొత్త ఇల్లు, కొత్త మనుషులు, పుట్టింటి మీద బెంగ, ఉద్యోగం, ఆరోగ్యం, ఏదైనా కావచ్చు. నిద్ర పట్టకపోవడం రెండు మూడు వారాలకు మించి సాగితే, తిండి కూడా తగ్గితే, డాక్టర్ దగ్గరికి వెళ్లండి. అది ఐ చింగ్‌తో తేల్చుకోవలసిన విషయం కాదు.

వారం గడిచాక ఆవిడ తనంతట తాను ఏదో ఒకటి మొదలుపెట్టొచ్చు. మొదటి మాట చాలా చిన్నదై ఉంటుంది. మీ అమ్మగారు అన్న ఒక మాటో, మీరు మరిచిపోయిన ఒక తేదీనో. 'ఓస్, ఇదేనా' అని మాత్రం అనకండి. తెర దొరికినప్పుడు అలాగే కనిపిస్తుంది, చేతిలో పట్టేంత గుడ్డ ముక్కలా. వారం గడిచినా ఏమీ చెప్పకపోతే అప్పుడు మీరే ఒక్కసారి నెమ్మదిగా అడగండి. "నీకేమైంది" అని కాదు, "పెళ్లికి ముందు నేను చేసేవాటిలో ఏది మానేశాను" అని.

మళ్లీ నాణేలు తీయాలనిపిస్తే ఆరు నెలలు ఆగి తీయండి, ప్రశ్న కూడా మార్చండి. 'ఎలా ఉంటుంది' అని అడిగితే ఈ పుస్తకం ఎప్పుడూ తికమకగానే కనిపిస్తుంది, ఎందుకంటే చూస్తూ కూర్చునేవాడి ప్రశ్న అది. 'ఇప్పుడు నేను దేన్ని చూసుకోవాలి' అని అడగండి. ఎవరి ప్రశ్న వాళ్లే విడిగా వేసుకుని, తేదీతో సహా కాగితం మీద రాసుకుని, తర్వాత ఒకరిది ఒకరికి చూపించుకోండి.